పదార్థాన్ని బట్టా, గుణాన్ని బట్టా?

స్టీలు చెంచా, గిన్నెలు తోమే స్టీలు పీచు, చెక్క స్కేలు, కొవ్వొత్తి, నోటుపుస్తకం కాగితం, గరుకు కాగితం: మూడో తరగతి పిల్లలచేత వీటిని దేనిని బట్టి వేరుచేయించాలి?

ఖర్చు: రెండు పద్ధతులకూ ఈ వస్తువులే చాలు.

శ్రమ: పదార్థాన్ని బట్టి అయితే చూసి చెప్పేస్తారు. గుణాన్ని బట్టి అయితే ప్రతిదాన్నీ తాకి, నొక్కి, గోటితో గీసి చూడాలి కనుక సమయం ఎక్కువ పడుతుంది.

పొరపాటు: రంగు పూసిన చెక్క ప్లాస్టిక్‌లా కనిపించి పదార్థం విషయంలో మోసం చేస్తుంది. గుణాల విషయంలో పిల్లలు గట్టిదనాన్నీ గరుకుదనాన్నీ కలిపేస్తారు. అలాగే, కొవ్వొత్తి నొక్కితే లొంగదు కనుక గట్టిదంటారు, కానీ గోటితో గీస్తే దానిపై గీత పడుతుంది, చెంచాపై పడదు. అందువల్ల "ఇది గట్టిదా?" అని కాక "ఈ రెండింటిలో ఏది గట్టిది?" అని అడగడమే సరైనదని నా అభిప్రాయం.

పదార్థాల పేర్లు ఇంకా రాని తరగతికి, ఆ పేర్లు నేర్పడానికి మొదటి పద్ధతి నప్పుతుంది. పేర్లు వచ్చినవారికి రెండోదే మేలు, ఎందుకంటే నునుపైన చెంచా, గరుకైన పీచు రెండూ స్టీలేనని, పదార్థం ఒకటైనా ఆకారాన్ని బట్టి స్పర్శ మారుతుందని వారు స్వయంగా గమనిస్తారు.