నోటీసు కొనుక్కోవడమా, పని అప్పగించి ముందే బయటపడటమా?

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో 90 రోజుల నోటీసు మామూలే. కొత్త కంపెనీ మాత్రం 45 రోజుల్లో రమ్మంటుంది. మిగిలిన 45 రోజులకు దారులు రెండు.

మొదటిది బైఅవుట్, అంటే ఆ రోజులకు డబ్బు కట్టేయడం. ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, లెక్క బేసిక్ మీదో గ్రాస్ మీదో చూడండి. నెలకు గ్రాస్ లక్ష, బేసిక్ 40 వేలు అనుకుందాం. బేసిక్ మీదైతే 60 వేలు, గ్రాస్ మీదైతే లక్షన్నర. అదే లెటర్‌లో "కంపెనీ ఒప్పుకుంటేనే" అన్న మాట ఉంటే, డబ్బు చేతిలో ఉన్నా మేనేజర్ సరే అనాల్సిందే. కొత్త కంపెనీ ఆ డబ్బు తిరిగి ఇస్తానన్నా, జీతంతో కలిపి ఇస్తే అందులోంచి టీడీఎస్ కోస్తారు. పైగా ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టమనే షరతు చాలాచోట్ల ఉంటుంది.

రెండోది బేరం. నా ఓటు దీనికే, ఖర్చు లేదు కాబట్టి. "త్వరగా వదలండి సార్" అంటే ఎవరూ కదలరు. ఏ పని ఎవరికి, ఏ తేదీకి అప్పగిస్తారో ఒక షీట్ రాసి పెట్టండి: రెండు వారాలు నేర్పడం, తర్వాత రెండు వారాలు వాళ్లు చేస్తుంటే మీరు పక్కన ఉండటం. క్లయింట్ రిలీజ్ దగ్గర్లో ఉంటే ఇది పారదు, అప్పుడు బైఅవుటే గతి.

ఏ దారైనా, చివరి పనిదినం, రికవరీ మొత్తం హెచ్‌ఆర్ మెయిల్‌లో రాయించుకోండి. నా మేనేజర్ క్యాంటీన్‌లో నోటిమాటగా "సరే" అన్నాడు. ఫైనల్ సెటిల్‌మెంట్‌లో 30 రోజుల జీతం కోశారు.