పాస్‌వర్డ్ మార్చాక పాత ఫోన్ నిజంగా ఆగాలంటే ఏది మేలు: సెషన్ టేబులా, జేడబ్ల్యూటీనా, వెర్షన్ నంబరా?

బెంగళూరు మారతహళ్లిలో పీజీ నడిపే నెల్లూరు ఆయన ఒకరు మా యాప్ వాడతారు. ఎవరు ఏ గదిలో ఉన్నారు, అద్దె కట్టారా లేదా, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, ఈ లెక్కలన్నీ అందులోనే రాసుకుంటారు. ఆయనా ఆయన మేనేజరూ ఒకటే లాగిన్ వాడేవాళ్లు. ఆ మేనేజర్ కుర్రాడు పని మానేసిన రోజే రాత్రి 8 గంటలకు ఆయన పాస్‌వర్డ్ మార్చి, "అన్ని డివైజ్‌ల నుంచి లాగవుట్" అన్న టిక్కు కూడా పెట్టారు. మర్నాడు పొద్దున 11 గంటలకు ఫోన్ చేశారు. "బాబూ, 204లో ఉండే అబ్బాయి అద్దె కట్టినట్టు చూపిస్తా ఉంది, నేను తీసుకోలేదే. ఆ మానేసినోడి చేతికిచ్చాడంట, వాడు వాడి ఫోన్లోనే ఎంట్రీ వేసేశాడు. నేను పాస్‌వర్డ్ మార్చాను కదా, ఇదెట్టా?"

లాగ్‌లు తీసి చూస్తే విషయం తేలడానికి పెద్దగా టైమ్ పట్టలేదు. మేం ఇచ్చే యాక్సెస్ టోకెన్ ఒక జేడబ్ల్యూటీ, దాని గడువు 24 గంటలు. దాంతోపాటు 60 రోజులు ఉండే రిఫ్రెష్ టోకెన్ ఒకటి. పాస్‌వర్డ్ మారినప్పుడు మా కోడ్ రిఫ్రెష్ టోకెన్లను టేబుల్ నుంచి తుడిచేసింది, అది సరిగ్గానే జరిగింది. కానీ ఆ కుర్రాడి ఫోన్ ముందు రోజు సాయంత్రం 4 గంటలకు తెచ్చుకున్న యాక్సెస్ టోకెన్ మర్నాడు సాయంత్రం 4 దాకా చెల్లుతుంది. జేడబ్ల్యూటీ వచ్చినప్పుడు సర్వర్ చూసేది సంతకం సరిగా ఉందా, గడువు దాటిందా అని మాత్రమే, డేటాబేస్‌ను అడగదు. అంటే పాస్‌వర్డ్ మారిందన్న సంగతి ఆ చెక్ జరిగే చోటికి చేరే దారే లేదు.

దీన్ని ఎలా సరిచేయాలన్నదాని మీద మా టీమ్‌లో రెండు రోజులు గట్టిగా వాదించుకున్నాం. తలా ఒక దారి చెప్పారు, ఒక్కోటి ఎక్కడ నిలబడుతుందో ఎక్కడ పడిపోతుందో చెప్తాను.

అన్నింటికన్నా సింపుల్‌ది పాతకాలపు సెషన్ టేబుల్. లాగిన్ అయినప్పుడు ఊహించడానికి వీల్లేని పొడవాటి ఐడీ ఒకటి ఇచ్చి, దాని హాష్‌ను టేబుల్‌లో పెట్టుకుంటాం, ప్రతి రిక్వెస్ట్‌కీ అది ఉందా లేదా అని చూస్తాం. పాస్‌వర్డ్ మారితే ఆ యూజర్ రోలన్నీ డిలీట్, మరుసటి రిక్వెస్ట్‌కే 401. ఏ ఫోన్లో లాగిన్ అయ్యారో లిస్టు చూపించడం, ఒక్క ఫోన్‌నే తీసేయడం కూడా ఇందులో చాలా తేలిక. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు దీనికే, ఒక్క సర్వర్, ఒక్క డేటాబేస్ ఉన్న చోట జేడబ్ల్యూటీ జోలికి వెళ్లాల్సిన పనే లేదు. మా ఇబ్బంది ఏమిటంటే ఇప్పటికే జనం ఫోన్లలో ఉన్న యాప్ జేడబ్ల్యూటీ వాడుతోంది, రిపోర్టులు తయారుచేసే వేరే సర్వీస్ ఒకటి కూడా అదే టోకెన్ నమ్ముకుని నడుస్తోంది.

రెండో దారి, గడువు తగ్గించడం. 24 గంటలను 15 నిమిషాలు చేస్తే చాలు కదా అన్నారు ఒకరు. పీజీ ఆయన విషయంలో చాలేది, ఎందుకంటే ఆ ఎంట్రీ గంటల తర్వాత పడింది. కానీ పాస్‌వర్డ్ మార్చేది చాలాసార్లు ఎవరో లోపల ఉన్నారన్న అనుమానంతోనే, ఆ లోపలివాడికి ఇంకో 15 నిమిషాలు దొరికితే అకౌంట్ ఫోన్ నంబర్‌ను తన నంబర్‌కి మార్చుకోవడానికి ఎక్కువే. ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ ఐడెంటిటీ వాడేవాళ్లు కూడా ఒకటి గమనించాలి: అందులో సెక్యూరిటీ స్టాంప్ మారిందా అని కుకీని చూసే విరామం మామూలుగా 30 నిమిషాలు, అంటే మనం ఆ సెట్టింగ్ మార్చకపోతే పాత కుకీ అంతసేపు నడవొచ్చు. గడువు తగ్గించడం మంచిదే, మేమూ తగ్గించాం, కానీ "లాగవుట్ అయింది" అని స్క్రీన్ మీద చూపించాలంటే అదొక్కటే సరిపోదు.

మూడోది బ్లాక్‌లిస్ట్. ప్రతి టోకెన్‌కీ ఒక `jti` ఐడీ ఉంటుంది, చెల్లనివాటిని రెడిస్‌లో పెట్టి ప్రతి రిక్వెస్ట్‌కీ చూసుకుంటే సరిపోతుందని. ఒక్క ఫోన్ నుంచి లాగవుట్ చేయడానికి ఇది పనికొస్తుంది, ఆ టోకెన్ మన చేతిలోకే వస్తుంది కాబట్టి. అన్ని ఫోన్ల నుంచి చేయాలంటే బతికున్న టోకెన్ల `jti`లన్నీ మన దగ్గర ముందే రాసి ఉండాలి, అలా రాసుకుంటే అది సెషన్ టేబులే అయింది కదా. నన్ను ఇంకా భయపెట్టింది వేరే విషయం. రెడిస్ డేటా డిస్క్ మీద సేవ్ కాకుండా రీస్టార్ట్ అయితే బ్లాక్‌లిస్ట్ ఖాళీ అవుతుంది, గడువు మిగిలిన పాత టోకెన్లన్నీ మళ్లీ లేచి కూర్చుంటాయి, ఏ ఎర్రరూ రాదు. పాడైతే తలుపు తెరుచుకునే డిజైన్ ఇది, అందుకే ఈ పనికి నేను వద్దన్నాను.

చివరికి మేం ఎంచుకున్నది యూజర్ రోలో ఒక నంబర్. టోకెన్ ఇచ్చేటప్పుడు ఆ నంబర్ అందులో రాస్తాం, రిక్వెస్ట్ వచ్చినప్పుడు రెండూ ఒకటేనా అని చూస్తాం. పాస్‌వర్డ్ మారితే నంబర్ ఒకటి పెరుగుతుంది, అంతే, ఎన్ని టోకెన్లు ఎక్కడ ఉన్నాయో మనకు తెలియాల్సిన అవసరం లేదు.

```sql
BEGIN;
UPDATE users
   SET password_hash = $1,
       session_version = session_version + 1
 WHERE id = $2
RETURNING session_version;
DELETE FROM refresh_tokens WHERE user_id = $2;
COMMIT;
```

పాస్‌వర్డ్ మార్చిన ఫోన్‌కి అదే జవాబులో కొత్త నంబర్‌తో టోకెన్ ఇస్తాం, లేకపోతే మార్చిన మనిషే లాగవుట్ అయిపోతాడు. జాంగోలో ఇలాంటిదే ముందే ఉంది: పాస్‌వర్డ్ హాష్ నుంచి లెక్కగట్టిన విలువ ఒకటి సెషన్‌లో ఉంటుంది, పాస్‌వర్డ్ మారితే పాత సెషన్లు చెల్లవు, ఇప్పటి సెషన్ నిలవాలంటే `update_session_auth_hash` పిలవాలి. అయితే పాస్‌వర్డ్ మార్చకుండా అన్ని ఫోన్లనూ తీసేసే బటన్ కావాలంటే దాంతో పనవదు, విడిగా నంబర్ ఉంటే అవుతుంది.

నంబర్ ఎందుకు, పాస్‌వర్డ్ మారిన టైమ్ రాసుకుని, టోకెన్ ఎప్పుడు పుట్టిందో చెప్పే `iat`తో పోలిస్తే చాలదా అని మా సీనియర్ అడిగారు. మొదట నాకూ అదే తోచింది. కానీ మా లైబ్రరీ `iat`ను పూర్తి సెకన్లలో రాస్తుంది. మార్పు జరిగిన సెకన్‌లోనే పుట్టిన పాత టోకెన్‌ను వదిలేస్తే అది బతికిపోతుంది, ఆపేస్తే అదే సెకన్‌లో మనం ఇచ్చిన కొత్త టోకెన్ కూడా చచ్చిపోయి ఆయన ఫోన్ వెంటనే లాగిన్ పేజీకి పోతుంది. రెండు సర్వర్ల గడియారాలు కాస్త తేడాగా ఉంటే ఇంకా గందరగోళం. నంబర్‌కి గడియారంతో పనిలేదు.

ఇక అసలు చిక్కు రిఫ్రెష్ దగ్గర దొరికింది, ఇది చెప్పడానికే ఇంత రాశాను. మేం ప్రతి రిఫ్రెష్‌కీ పాత టోకెన్ తీసేసి కొత్తది ఇస్తాం. ఆ కుర్రాడి ఫోన్ రిఫ్రెష్ అడిగింది అనుకోండి, సర్వర్ టేబుల్ చూసింది, టోకెన్ ఉంది, సరే అనుకుంది. సరిగ్గా అప్పుడే ఓనర్ పాస్‌వర్డ్ మార్పు వచ్చి నంబర్‌ను 7 నుంచి 8 చేసి, రిఫ్రెష్ టోకెన్లన్నీ తుడిచి, కమిట్ అయిపోయింది. ఆ వెనకాలే మొదటి రిక్వెస్ట్ తన పని కొనసాగించి కొత్త రిఫ్రెష్ టోకెన్‌ను టేబుల్‌లో ఇన్సర్ట్ చేసింది. అప్పుడు యూజర్ రో చదివి నంబర్ రాస్తే 8 పడుతుంది, వాడికి 60 రోజుల పక్కా టోకెన్ దొరికినట్టే! కొన్ని మిల్లీసెకన్ల సందు, నిజమే, కానీ రిఫ్రెష్‌లను లూప్‌లో కొడుతూ పాస్‌వర్డ్ మారిస్తే మా టెస్ట్ సర్వర్‌లో ఇది కళ్లముందే కనిపించింది.

దీనికి మందు చిన్నదే. రిఫ్రెష్ టోకెన్ రోలోనూ నంబర్ ఉండాలి, కొత్త టోకెన్ ఆ నంబర్‌ను పాత టోకెన్ నుంచే తీసుకోవాలి, యూజర్ రో నుంచి కాదు. అప్పుడు ఆ సందులో జారిపోయినది 7తోనే పుడుతుంది, యూజర్ రోలో 8 ఉంది కాబట్టి తర్వాతి రిక్వెస్ట్‌కే ఆగిపోతుంది. కొత్త నంబర్ రెండు చోట్ల మాత్రమే ఇవ్వాలి, పాస్‌వర్డ్ పెట్టి లాగిన్ అయినప్పుడు, పాస్‌వర్డ్ మార్చిన ఫోన్‌కి.

ఖర్చు సంగతి. ప్రతి రిక్వెస్ట్‌కీ ప్రైమరీ కీ మీద ఒక చిన్న రీడ్, మా సైజుకి అది లెక్కలోది కాదు. అయినా క్యాష్ పెట్టాలనుకుంటే కమిట్ అయ్యాకే క్యాష్ తుడవండి. ముందే తుడిస్తే మధ్యలో వచ్చిన రిక్వెస్ట్ పాత 7ను మళ్లీ తెచ్చి పెట్టేస్తుంది. కమిట్ తర్వాత తుడిచినా, అంతకుముందే చదివినవాడు ఆలస్యంగా రాసే అవకాశం కొంచెం ఉంటుంది కాబట్టి క్యాష్ గడువు 30 సెకన్లకు మించనివ్వలేదు, చదవడం కూడా రెప్లికా నుంచి కాకుండా మెయిన్ డేటాబేస్ నుంచే. రెడిస్ పడిపోతే ఇక్కడ జరిగేది డేటాబేస్‌కి నాలుగు రీడ్లు ఎక్కువ కావడం, పాత టోకెన్లు లేవడం కాదు.

ఒక లోటు ఉంది, నంబర్ పెంచితే అందరూ పోతారు, ఒక్క ఫోన్‌నే తీయడం దాంతో కుదరదు. అందుకని డివైజ్‌కొక రిఫ్రెష్ రో అలాగే ఉంచాం. ఒక్క ఫోన్ తీస్తే ఆ రో పోతుంది, యాక్సెస్ టోకెన్ 15 నిమిషాల్లో ఆగుతుంది, స్క్రీన్ మీద కూడా "15 నిమిషాల్లోపు" అనే రాశాం.

సరిచూడటం ఎలాగో కూడా చెప్తాను, ఎందుకంటే మొదట మేం తప్పుగా చూశాం. రెండో ఫోన్ లాగిన్ పేజీకి వెళ్లింది చూసి సరే అనుకున్నాం. కానీ ఆ ఫోన్ వెళ్లింది మా పుష్ మెసేజ్ అందుకుని తన టోకెన్ తానే చెరిపేసుకుంది కాబట్టి. ఆ మెసేజ్ అందని ఫోన్ అలా చేయదు. అందుకని మార్చడానికి ముందే టోకెన్ పక్కన కాపీ చేసి పెట్టుకుని, మార్చాక దాంతోనే నేరుగా కొట్టాలి:

```
curl -i -H "Authorization: Bearer $OLD" https://api.example.com/rents
```

401 రావాలి. పాత రిఫ్రెష్ టోకెన్‌తోనూ అలాగే. తర్వాత రిపోర్టుల సర్వీస్‌ను కూడా అదే టోకెన్‌తో కొట్టాం, అక్కడ 200 వచ్చింది, నంబర్ చూసే కోడ్ అక్కడ పెట్టడం మర్చిపోయాం. అది సరిచేశాక వెబ్‌సాకెట్ చూస్తే, కనెక్ట్ అయ్యేటప్పుడే టోకెన్ చూస్తుంది కాబట్టి ముందే తెరిచి ఉన్న కనెక్షన్ నిక్షేపంగా నడుస్తోంది, కొత్త అద్దె ఎంట్రీలు అందులో వచ్చి పడుతున్నాయి. ఇప్పుడు నంబర్ మారగానే సర్వర్లన్నింటికీ ఒక సందేశం వెళ్తుంది, ఆ యూజర్ కనెక్షన్లను అవి మూసేస్తాయి. పుష్ నోటిఫికేషన్ టోకెన్లు విడి టేబుల్‌లో ఉంటాయి, వాటినీ పైన చూపించిన ట్రాన్సాక్షన్‌లోనే డిలీట్ చేస్తున్నాం, లేకపోతే "204: అద్దె అందింది" అన్న నోటిఫికేషన్ లాగవుట్ అయిన ఫోన్ లాక్ స్క్రీన్ మీద కూడా వస్తూనే ఉంటుంది.