అద్దెకుండి మిగులు మదుపు చేయడమా, అప్పుతో ఇల్లు కొనడమా: 20 ఏళ్లకు ఏది మేలు?

చాలామంది ఈఎంఐని అద్దె పక్కన పెట్టి చూసి, "ఇంకొంచెం వేసుకుంటే ఇల్లే సొంతమవుతుంది కదా" అంటారు. ఆ పోలికలో రెండు లోపాలున్నాయి. డౌన్ పేమెంట్‌గా పెట్టిన డబ్బు మరోచోట ఎంత సంపాదించేదో అందులో లేదు. నెలనెలా మిగిలే తేడా ఏమవుతుందో కూడా లేదు. ఈ రెండూ కలిపితేనే పోలిక సరిగ్గా ఉంటుంది.

ఏ దేశానికైనా సరిపోయేలా ఇంటి ధరను 100 అనుకుందాం. కొనేవారు 20 చేతి నుంచి పెట్టుకుని 80 అప్పు తీసుకున్నారు. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. రిజిస్ట్రేషన్ వంటి ఖర్చులకు మరో 7. అంటే మొదటి రోజే 27 చేయిదాటుతుంది. వాయిదాలు ఏడాదికి 8.33. మరమ్మతులకూ పన్నులకూ మొదటి ఏడాది 1, అది ఏటా 5 శాతం పెరుగుతుంది. ఇంటి విలువా అద్దే కూడా ఏటా 5 శాతమే పెరుగుతాయనుకుందాం. మొదటి ఏడాది అద్దె 3, అంటే ఇంటి ధరలో 3 శాతం.

అద్దెకుండేవారు అదే 27ను మొదటి రోజే మదుపు చేస్తారు. ఆపైన కొన్నవారి ఖర్చుకూ తమ అద్దెకూ ఉన్న తేడాను ఏటా జమ చేస్తారు. ఆ తేడా మొదటి ఏడాది 6.33. అద్దె పెరుగుతుంటే వాయిదా కదలదు కాబట్టి 20వ ఏటికి అది 3.28కి తగ్గుతుంది. పన్నులు పోను రాబడి 9 శాతం అయితే, 27 ఒక్కటే 151 అవుతుంది. ఏటేటా వేసినవి 279 అవుతాయి. మొత్తం 430.

కొన్నవారి ఇల్లు 265కు చేరుతుంది, అమ్మకం ఖర్చు 2 శాతం తీస్తే 260. అప్పు తీరిపోయింది, ఇల్లు చేతిలో ఉంది. అయినా అద్దెకున్నవారు 170 ముందున్నారు. కారణం సూటిగానే ఉంది: విలువ పెరుగుదల 5 శాతం, తప్పిన అద్దె 3 శాతం కలిపి మరమ్మతులూ పన్నుల 1 శాతం తీసేస్తే ఇల్లిచ్చేది ఏటా సుమారు 7 శాతం, దానికోసం 8.5 శాతానికి అప్పు చేశారు. పైగా మొదటి ఏడాది కట్టిన 8.33లో సుమారు 6.7 వడ్డీకే పోయింది. అద్దె కట్టడం వృథా అనేవారు ఈ వడ్డీని కూడా అదే లెక్కలో వేయాలి.

ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. అద్దె ఇంటి ధరలో 5 శాతం ఉంటే, మిగిలే తేడా మొదటి ఏడాదే 4.33కి పడిపోతుంది. 17వ ఏడాది నుంచి అద్దెకుండేవారే ఎక్కువ కడతారు, మదుపులోంచి కొంత తీయాల్సి వస్తుంది. 20 ఏళ్లకు వారి దగ్గర 282, ఇంటివారి దగ్గర 260. ఇది దాదాపు సమానమే. అద్దె సుమారు 5.3 శాతం దాటితే కొనడమే మేలు. అందుకే ఎక్కడైనా ముందు చూడాల్సింది ఏడాది అద్దెను ఇంటి ధరతో భాగిస్తే వచ్చే శాతం.

తర్వాతిది ఇంటి విలువ పెరుగుదల. మొదటి ఉదాహరణలో మిగతావన్నీ అలాగే ఉంచి ఇల్లు మాత్రం ఏటా 8 శాతం పెరిగితే, అమ్మకం ఖర్చు పోను 457 వస్తుంది, ఇంటివారే గెలుస్తారు. 7 శాతమైతే 379, అప్పటికీ వెనకే. ఒక ప్రాంతంలో కొన్నేళ్లు వరసగా ధరలు ఎగిరాయని అదే వేగాన్ని 20 ఏళ్లకూ వేసేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

కానీ అద్దె పక్షానికి అసలు ప్రమాదం అంకెల్లో లేదు. మిగులును నిజంగా మదుపు చేయకపోవడంలో ఉంది. ఆ 430లో 279 ఏటేటా వేసిన డబ్బు నుంచే వచ్చింది. తేడాలో సగమే వేస్తే 291, అప్పటికీ ముందే. సుమారు 40 శాతం దగ్గర ఇంటితో సమానమవుతారు. ఏమీ వేయకపోతే 151 దగ్గర ఆగిపోతారు. వాయిదా తప్పితే బ్యాంకు అడుగుతుంది, మదుపు మానేస్తే అడిగేవారు లేరు. నా ఉద్దేశంలో ఈ బలవంతపు పొదుపే సొంతింటికి ఉన్న గట్టి ఆర్థిక లాభం. కాబట్టి అద్దె దారిని ఎంచుకునేవారు జీతం పడిన మర్నాడే తేడా మొత్తం దానంతటదే మదుపు ఖాతాకు వెళ్లేలా పెట్టుకోవాలి. అద్దె పెరిగినప్పుడల్లా ఆ మొత్తాన్ని మళ్లీ లెక్కగట్టాలి.

రాబడి 9 శాతం అనేది సగటు మాత్రమే. షేర్లలో పెట్టినవారికి కొన్ని ఏళ్లు భారీ నష్టాలూ రావచ్చు, అప్పుడు భయపడి తీసేస్తే ఈ లెక్క నిలబడదు. 7 శాతమే వస్తే 430 కాస్తా 324 అవుతుంది, 3 శాతం అద్దెలో అదీ 260 కన్నా ఎక్కువే. మీ సొంత అంకెలతో చూడాలంటే స్ప్రెడ్‌షీట్‌లో ఏడాదికో వరస చాలు: B నిలువులో నిల్వ, C నిలువులో ఆ ఏటి తేడా.

```
=B1*1.09+C2
```

B1లో 27, C2 నుంచి C21 వరకు ఏటేటా తేడాలు పెట్టి, B2లో ఈ సూత్రం రాసి B21 వరకు కిందకి లాగండి. C కొన్ని ఏళ్ల తర్వాత రుణాత్మకమైతే, ఆ ఏడాదిని గుర్తుపెట్టుకోండి. అప్పటికి మీ ఆదాయం అద్దెను మోయగలదా, లేక మదుపులోంచి తీయాలా అన్నది ఇప్పుడే తేల్చుకోవాల్సిన ప్రశ్న.