హోల్డింగ్స్ స్క్రీన్‌షాట్లు చూసి లాభనష్టాల షీటు చేసిస్తామనే వాళ్లతో జాగ్రత్త

ట్రేడింగ్ యాప్‌లో మీ హోల్డింగ్స్, అంటే చేతిలో ఉన్న షేర్ల పేజీ, స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో పంపండి చాలు, సగటు కొన్న ధర, లాభం, నష్టం అన్నీ లెక్కగట్టి షీటు ఇస్తాం అని ఎవరైనా అంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మా అన్నయ్య ఆదాయపు పన్ను రిటర్న్ వేసే హడావుడిలో ఒకాయనకి ఆ పని అప్పజెప్పాడు. ఫీజు ముందే తీసుకుని, రంగులు వేసిన ఎక్సెల్ షీటు పంపించారు. చూడటానికి ముచ్చటగా ఉంది కానీ అందులో పన్నుకి పనికొచ్చే అంకె ఒక్కటీ లేదు. ఆ షీటుని ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఉండే AIS, అంటే మన లావాదేవీల వార్షిక పట్టిక, పక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి బయటపడింది, ఎందుకంటే AISలో షేర్లు అమ్మినట్టు ఉంది, షీటులో అమ్మకం అనే మాటే లేదు.

ఏం జరిగిందో ఒక్క షేరు తీసుకుని చెప్తాను. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు గుండ్రంగా మార్చాను, వరస మాత్రం అదే.

మొదట 420 చొప్పున 100 షేర్లు కొన్నాడు. మొదటి స్క్రీన్‌షాట్‌లో 100, సగటు 420. ధర పడ్డాక 360 చొప్పున ఇంకో 50 తీసుకున్నాడు, రెండో దాంట్లో 150, సగటు 400. తర్వాత 450కి 60 అమ్మేశాడు, మూడో దాంట్లో 90, సగటు 386.67. మళ్లీ 500కి 30 కొన్నాడు, నాలుగో దాంట్లో 120, సగటు 415. ఇప్పుడు మార్కెట్ ధర 440 అనుకోండి.

ఆయన చేసిందేమిటంటే 420, 400, 386.67, 415 నాలుగూ కూడి నాలుగుతో భాగించి, మీ సగటు 405.42, ఇప్పుడున్న 120 షేర్ల మీద లాభం సుమారు 4,150 అని రాసేశారు. నాలుగు స్క్రీన్‌షాట్లంటే నాలుగు కొనుగోళ్లు అనుకున్నారన్నమాట. కానీ రెండో స్క్రీన్‌షాట్‌లో కనిపించే 150లో మొదటి 100 కూడా ఉన్నాయి కదా! హోల్డింగ్స్ పేజీ ఏ రోజుకి చేతిలో ఎన్ని ఉన్నాయో, వాటి సగటు ఎంతో మాత్రమే చూపిస్తుంది, ఆ రోజు ఏం కొన్నామో చూపించదు. అందుకే సగటుల్ని మళ్లీ సగటు చేయడం ఎప్పుడూ తప్పే, ఎంత దగ్గరగా వచ్చినా తప్పే.

నిజానికి ఆ రోజు చేతిలో ఉన్నవాటి మీద లాభం 440లోంచి 415 తీసేసి 120తో గుణిస్తే 3,000, అదీ ఇంకా కాగితం మీదే. పన్ను పడేది అమ్మేసిన 60 మీద. డీమ్యాట్ షేర్లకి ఆదాయపు పన్ను లెక్కలో ఫైఫో పద్ధతి, అంటే ముందు కొన్నవి ముందు అమ్మినట్టు. కాబట్టి ఆ 60 షేర్లూ 420కి కొన్న 100లోంచే పోయాయి, లాభం షేరుకి 30 చొప్పున 1,800. మిగిలిన 40 షేర్లు 420వి, 50 షేర్లు 360వి, రెండూ కలిపితే 34,800, దాన్ని 90తో భాగిస్తే 386.67. అమ్మాక సగటు ఎందుకు తగ్గిందో ఇప్పుడు అర్థమైంది కదా. షేర్ల సంఖ్య తగ్గడమే అమ్మకం జరిగిందనడానికి గుర్తు, సగటు కూడా కదిలిన సంగతి ఎలాగూ కనిపిస్తూనే ఉంది, డబ్బు తీసుకున్న మనిషి కనీసం అది గమనించి "ఇక్కడ ఏదో అమ్మారు, ఎంతకి అమ్మారు?" అని ఫోన్ చేసి అడగాలి. అడగలేదు. ఈ విషయంలోనే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

మరి స్క్రీన్‌షాట్లతో అసలేమీ తెలియదా అంటే, కొంత తెలుస్తుంది. రెండు స్క్రీన్‌షాట్ల మధ్య ఒక్కసారి కొనడం తప్ప ఇంకేమీ జరగకపోతే ఆ కొన్న ధర వెనక్కి రాబట్టవచ్చు:

```
(150 × 400 − 100 × 420) ÷ (150 − 100) = 360
```

మధ్యలో రెండుసార్లు కొంటే ఆ రెంటి సగటు వస్తుంది తప్ప విడివిడి ధరలు రావు. అమ్మకం ఉంటే కథ ఇంకా ముందే ఆగిపోతుంది, అమ్మిన ధర హోల్డింగ్స్ పేజీలో ఎక్కడా ఉండదు. 450 అనే అంకె పైన చెప్పిన నాలుగు స్క్రీన్‌షాట్లలో ఎక్కడైనా కనిపించిందా? లేదు. అంటే ఆ 1,800 లాభం ఎంత పెద్ద నిపుణుడికైనా వాటిలోంచి దొరకదు.

ఇంకా దారుణం ఏమిటంటే మధ్యలో ఒక స్క్రీన్‌షాట్ లేకపోయినా షీటు మామూలుగానే తయారైపోతుంది. మూడోది తీసేసి చూడండి. 150 కాస్తా 120 అయింది, 30 అమ్మారు కాబోలు అనిపిస్తుంది. కానీ నిజంగా 30 మాత్రమే అమ్మి ఉంటే 420వి 70, 360వి 50 మిగిలి సగటు 395 చూపించాలి. స్క్రీన్ మీద 415 ఉంది. అంటే మధ్యలో ఇంకేదో జరిగింది. ఏదో జరిగిందని తెలుస్తుందే గానీ ఎన్ని అమ్మారు, ఎన్ని కొన్నారు అనేది అందులోంచి తేలదు. మీ దగ్గర ఎవరైనా చేసిచ్చిన షీటు ఉంటే ఒక్క షేరుకైనా ఈ పరీక్ష పెట్టండి.

బోనస్, స్ప్లిట్ రోజుల్లో తీసిన స్క్రీన్‌షాట్లయితే మరీ ప్రమాదం. ఒకటికి ఒకటి బోనస్, అంటే ఉన్న ఒక్కో షేరుకి ఇంకో షేరు ఉచితంగా, ఇచ్చినప్పుడు ధర దాదాపు సగానికి పడిపోతుంది కానీ కొత్త షేర్లు ఖాతాలో పడటానికి కొంత టైమ్ పడుతుంది, ఆలోపు యాప్‌లో భారీ నష్టం ఎర్రగా కనిపిస్తుంది. ఆ రోజు స్క్రీన్‌షాట్ పంపితే ఆ లేని నష్టమే షీటులోకి ఎక్కుతుంది.

తేదీలు లేకపోవడం కూడా చిన్న విషయం కాదు. లిస్టెడ్ షేర్లు 12 నెలలు దాటి ఉంచుకుని అమ్మితే దీర్ఘకాలిక లాభం, 2024 జులై 23 నుంచి దానికి రేటు 12.5 శాతం, అదీ ఏడాదికి 1.25 లక్షలు దాటినదాని మీద. ఆలోపే అమ్మితే 20 శాతం. అమ్మిన 60 షేర్లు ఎప్పుడు కొన్నవో షీటులో లేకపోతే ఏ రేటు వేస్తారు? స్క్రీన్‌షాట్ తీసిన తేదీ కొన్న తేదీ కాదు.

మేం చివరికి చేసింది ఏమిటంటే, బ్రోకర్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి ట్రేడ్‌బుక్ దింపుకున్నాం, దాంట్లో ప్రతి కొనుగోలు, అమ్మకం తేదీతో, ధరతో ఉంటుంది. అనుమానం ఉన్నచోట ఆ రోజు ట్రేడ్ల వివరాలతో బ్రోకర్ నుంచి ఈమెయిల్‌కి వచ్చిన కాంట్రాక్ట్ నోట్ తెరిచి చూశాం. మన షేర్లని డీమ్యాట్ రూపంలో ఉంచే డిపాజిటరీ నుంచి వచ్చే స్టేట్‌మెంట్ చాలనుకోకండి, అందులో షేర్ల సంఖ్య, విలువ ఉంటాయి కానీ కొన్న ధర ఉండదు. రెండు డీమ్యాట్ ఖాతాలుంటే ఫైఫో ఏ ఖాతాకి ఆ ఖాతా విడిగా వేయాలి, ఈయన రెండూ కలిపేశారు.

డబ్బు వెనక్కి అడిగితే "మీరు పంపిన స్క్రీన్‌షాట్లకి ఇదే వస్తుంది" అన్నారు. వాటితో ఆ పని అవ్వదని ఫీజు తీసుకునే ముందు చెప్పాల్సింది ఆయనే. ఇలాంటి పని ఎవరికైనా ఇచ్చేముందు "ట్రేడ్‌బుక్ పంపమంటారా?" అని అడిగి చూడండి, అక్కర్లేదు స్క్రీన్‌షాట్లు చాలు అన్నారంటే అక్కడితో వదిలేయండి.