క్యాన్సిల్ చేశాక మిగిలిన 248 రూపాయలు: ఆపిల్ బ్యాలెన్స్‌తో మూడేళ్ల అనుభవం

2022లో ఇండియా ఖాతాల్లో మన కార్డులు పనిచేయడం ఆగిపోయినప్పటి నుంచి ఐక్లౌడ్ డబ్బు ఆపిల్ బ్యాలెన్స్ నుంచే కడుతున్నాను. యూపీఐతో బ్యాలెన్స్ వేసుకుంటే ప్రతినెలా దానంతట అదే కట్ అవుతుంది. ఎవరైనా గిఫ్ట్ కార్డు ఇచ్చి, దాని కోడ్ కొట్టినా ఆ డబ్బు ఇదే బ్యాలెన్స్‌లో కలుస్తుంది. వాడినన్నాళ్లూ ఒక్క నెల కూడా ఇబ్బంది రాలేదు. ఈ పద్ధతి గురించి అసలు తెలుసుకోవాల్సింది మాత్రం, మానేసే రోజున తెలిసింది.

ఉద్యోగం కోసం హైదరాబాద్ నుంచి డల్లాస్ వచ్చాను. ఇక్కడి బ్యాంకు యాప్ నా ఫోన్‌లో దొరకలేదు, ఎందుకంటే నా ఖాతా ఇంకా ఇండియా స్టోర్‌లోనే ఉంది. దేశం మార్చుకుందామని సెట్టింగ్స్‌లో Country/Region దాకా వెళ్తే, స్టోర్ బ్యాలెన్స్ ఉంది, ముందు అది ఖర్చు చేయాలి అని చెప్పింది. చూస్తే 248 రూపాయలు ఉన్నాయి.

ఆ లెక్క ఇలా వచ్చింది. 2024 జులైలో ఒకేసారి 2,000 వేశాను. 200 జీబీ ప్లాన్ నెలకు 219. ఎనిమిది నెలలకు 1,752 పోయి 248 మిగిలింది. ఫిబ్రవరి 12న ఎనిమిదో నెల డబ్బు కట్ అయింది, 14న నేను ఉచిత ప్లాన్‌కి డౌన్‌గ్రేడ్ పెట్టాను. కొద్ది రోజులు ముందు పెట్టి ఉంటే ఆ నెల డబ్బు మిగిలేది. అది నా ఆలస్యం, ఇంకెవరినీ అనడానికి లేదు.

ఇక్కడ రెండు రకాల డబ్బును వేరుగా చూడాలి. కట్టేసిన నెల డబ్బు ఒకటి. అది వెనక్కి రాలేదు, కానీ ప్లాన్ మార్చి 12 దాకా నడిచింది. ఇంకా కట్ కాకుండా ఖాతాలో ఉన్న 248 రెండోది. క్యాన్సిల్ చేసినంత మాత్రాన అది పోలేదు, అలాగని బ్యాంకుకో యూపీఐకో తిరిగి వెళ్లలేదు కూడా. రూపాయల్లోనే, ఆ ఖాతాలోనే కూర్చుంది. అమెరికా స్టోర్‌లో అది చెల్లదు. దానితో మా తమ్ముడికి గిఫ్ట్ కార్డు కొనిద్దామన్నా కుదరదు. ఒకవేళ మీకు ఇంకో సబ్‌స్క్రిప్షన్ నడుస్తూ ఉంటే మాత్రం, అడగకుండానే దాని వంతు ఇందులోంచే ముందుగా తీసుకుంటుంది. కాబట్టి మిగిలింది దాచుకోవాలనుకునేవాళ్లు మిగతా సబ్‌స్క్రిప్షన్లు కూడా ఒకసారి చూసుకోండి.

నెల రోజులు ఎందుకు ఆగాల్సి వచ్చిందంటే, దేశం మార్చడానికి బ్యాలెన్స్ ఒక్కటే ఖాళీ అయితే చాలదు. సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేసి, దాని గడువు కూడా పూర్తవ్వాలి. ఫ్యామిలీ గ్రూపులో ఉంటే అందులోంచి బయటకు రావాల్సి రావచ్చు. ఆ నెలంతా బ్యాంకు పనులు ల్యాప్‌టాప్‌లో చేసుకున్నాను. ఆ వ్యవధిలోనే ఫోటోలన్నీ హార్డ్ డిస్క్‌కి ఎక్కించాను. ఉచితంగా ఇచ్చేది 5 జీబీనే, అది దాటి ఉంటే కొత్త ఫోటోలు ఎక్కవు, బ్యాకప్ కూడా ఆగిపోతుంది.

ఈలోగా 248లో 199 పెట్టి, ఎప్పటి నుంచో అనుకుంటున్న స్కానర్ యాప్ కొన్నాను. 49 మిగిలింది. ఆ ధరకు నాకు పనికొచ్చేది ఏదీ కనిపించలేదు. ఇలా ఏ వస్తువు ధరకూ సరిపోనంత చిల్లర మిగిలితే సపోర్ట్ వాళ్లను అడగమని ఆపిల్ నిబంధనల్లోనే ఉంది. మార్చి 13న చాట్‌లో రాశాను. "ఈ 49 రూపాయలు తీసేస్తే తిరిగి ఇవ్వడం కుదరదు, మీకు సమ్మతమేనా?" అని అడిగారు. సరే అన్నాను. బ్యాలెన్స్ సున్నా అయ్యాక అమెరికా అడ్రస్, ఇక్కడి కార్డు ఇచ్చి దేశం మార్చుకున్నాను. ఆ సాయంత్రమే బ్యాంకు యాప్ దిగింది.

మా ఆవిడది ఆండ్రాయిడ్. గూగుల్ ప్లేలో పద్ధతి కొంచెం వేరు. బ్యాలెన్స్ ఉన్నా దేశం మార్చనిస్తుంది, కానీ పాత దేశం డబ్బు కొత్త దేశంలో వాడుకోలేం. పైగా ఒకసారి మార్చాక ఏడాది దాకా మళ్లీ మార్చడం కుదరదు. తన ఖాతాలో ఉన్నది బయలుదేరే ముందే ఖర్చు పెట్టేయడం మంచిదైంది.

అమ్మ ఫోన్ ఇప్పటికీ ఇండియా ఖాతాలోనే, నెలకు 75 రూపాయల 50 జీబీ ప్లాన్ మీద నడుస్తోంది. తమ్ముడు మొన్న అందులో వెయ్యి వేస్తానన్నాడు. 225 వేయమన్నాను, మూడు నెలలకు లెక్క సరిగ్గా సరిపోతుంది.