సంక్రాంతికి సౌరమానం, ఉగాదికి చాంద్రమానం: తేదీ నిలకడకు ఏది మేలు?

ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది; 2027లో మళ్ళీ ఏప్రిల్ 7కు వెళుతుంది. ఈ నాలుగేళ్ళలోనూ సంక్రాంతి మాత్రం జనవరి 14, 15 తేదీలను దాటి పోదు. రెండు పండుగలూ ఒకే పంచాంగంలో ఉన్నా, ఒకదానికి చంద్రుడు ప్రమాణం, మరొకదానికి సూర్యుడు ప్రమాణం. మనం గోడకు తగిలించుకునే ఇంగ్లీషు క్యాలెండరు కూడా సూర్యుణ్ణి అనుసరించేదే కాబట్టి, సూర్యుణ్ణి బట్టి వచ్చే పండుగ అందులో దాదాపు ఒకేచోట నిలుస్తుంది.

మొదట చాంద్రమానం సంగతి చూద్దాం. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు పడుతుంది. అలాంటి నెలలు పన్నెండు కలిస్తే సుమారు 354 రోజులే అవుతాయి, అంటే సౌర సంవత్సరం కన్నా దాదాపు పదకొండు రోజులు తక్కువ. అందుకే ఉగాది ఏటా పది, పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే, రంజాన్ మాదిరిగా సుమారు 33 ఏళ్ళలో అన్ని రుతువులనూ చుట్టివస్తుంది. అలా జరగకుండా మన పూర్వులు అధికమాసాన్ని పెట్టారు. సగటున ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకొకసారి ఒక నెల అదనంగా వస్తుంది, అప్పుడు పండుగలు ఒక్కసారిగా ముందుకు దూకుతాయి. 2026లో అధిక జ్యేష్ఠం రావడం వల్లనే 2027 ఉగాది పంతొమ్మిది రోజులు ముందుకు వెళుతుంది.

ఏ నెల అధికమో తేల్చేది కూడా సంక్రమణమే అన్నది చాలామంది గమనించని విషయం. సూర్యుడు ఏ చాంద్రమాసంలో ఒక రాశి నుంచి మరొక రాశిలోకి ప్రవేశించడో, ఆ మాసం అధికం. 2026లో వృషభ సంక్రమణం మే 15న జరిగితే అమావాస్య మే 16 రాత్రి వచ్చింది. తర్వాతి అమావాస్య జూన్ 15 ఉదయం ముగిస్తే మిథున సంక్రమణం అదే రోజు మధ్యాహ్నం జరిగింది. కొద్ది గంటల తేడాతో ఆ నెలలో సంక్రమణం లేకపోయింది. అంటే చాంద్రమానం రుతువులకు కట్టుబడి ఉండాలంటే సూర్యుణ్ణే ఆశ్రయించాలి. ఈ కారణంగా సౌరమానానికి ఒక మెట్టు పైస్థానం ఇవ్వవలసి ఉంటుందని నా అభిప్రాయం.

ఇక సంక్రాంతి. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే క్షణం ఏటా సుమారు ఆరు గంటల తొమ్మిది నిమిషాలు ఆలస్యమవుతుంది, ఫిబ్రవరి 29 వచ్చిన తర్వాతి ఏడు అది ఒక రోజు వెనక్కి వస్తుంది. ఆకాశంలో కనిపించే స్థితితో సరిపోయే దృక్ గణితం ప్రకారం 2024లో ఆ క్షణం జనవరి 15 తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో పడింది. 2024 లీపు సంవత్సరం కనుక 2025లో అది జనవరి 14 ఉదయం తొమ్మిదింటికి వచ్చింది. 2026లో అదే తేదీన మధ్యాహ్నం మూడింటికి, 2027లో రాత్రి తొమ్మిది దాటాక పడుతుంది. సూర్యాస్తమయం తర్వాత సంక్రమణమైతే పుణ్యకాలం మరునాటికి వెళుతుంది కాబట్టి 2027లో పండుగ 15న అవుతుంది. దృక్ గణితానికీ పూర్వపద్ధతి గణితానికీ కొన్ని గంటల తేడా ఉంటుంది. సంక్రమణం మధ్యాహ్నం వేళ పడిన ఏడు ఆ తేడా సూర్యాస్తమయాన్ని దాటిస్తే రెండు పంచాంగాలు రెండు రోజులను చెబుతాయి. ఏటా వినిపించే "పండుగ పద్నాలుగా, పదిహేనా" అన్న వాదానికి మూలం చాలావరకు ఇదే.

తేదీ నిలకడే గీటురాయి అయితే సౌరమానమే మేలు. కేరళలో విషు, తమిళనాట ఏప్రిల్ నెలలో వచ్చే కొత్త సంవత్సరం కూడా ఆ మానం వల్లనే స్థిరంగా ఉంటాయి. అయితే సౌరమాన తేదీని ఆకాశం చూసి చెప్పలేం. చంద్రుణ్ణి చూస్తే మాత్రం తిథి ఏమిటో పల్లెటూరి మనిషికీ తెలుస్తుంది. దీపావళికి చీకటి రాత్రి, హోలీకి పున్నమి ఉండాలన్న కోరిక చాంద్రమానంలోనే తీరుతుంది. రెండింటినీ కలిపితే వచ్చేది ముక్కోటి ఏకాదశి. అది ధనుర్మాసంలో, శుక్లపక్షంలో రావాలి. ఈ రెండు షరతుల వల్ల 2023లో డిసెంబర్ 23న వచ్చిన ఆ ఏకాదశి 2024లో అసలు రాలేదు, 2025లో జనవరి 10న ఒకసారి, డిసెంబర్ 30న మరొకసారి వచ్చింది.

సంక్రాంతి తేదీ "దాదాపు" స్థిరమే తప్ప పూర్తిగా స్థిరం కాదు. మన సంక్రమణాన్ని నక్షత్రాలను ఆధారంగా చేసుకుని లెక్కిస్తారు; దీన్ని నిరయన పద్ధతి అంటారు. ఇంగ్లీషు క్యాలెండరు విషువత్తులను, అంటే రుతువులను అనుసరిస్తుంది. ఈ రెండు సంవత్సరాల మధ్య తేడా సుమారు ఇరవై నిమిషాలు, అది పోగుపడితే 72 ఏళ్ళకు ఒక రోజు అవుతుంది. స్వామి వివేకానంద 1863 జనవరి 12న, మకర సంక్రాంతి నాడు పుట్టారు. ఆ తేదీన ఇప్పుడు సంక్రాంతి రాదు. 1900 లీపు సంవత్సరం కాకపోవడం కూడా ఈ జరుగుదలకు ఒక రోజు కలిపింది. 2100 కూడా లీపు కాదు కనుక వచ్చే శతాబ్దం మొదట్లో పండుగ 16వ తేదీకి మారుతుంది.

ఈ జరుగుదలను ఆపడానికి రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి సాయన పద్ధతి, అంటే సంక్రమణాలను నక్షత్రాలను బట్టి కాక విషువత్తులను బట్టి లెక్కించడం. ఉత్తరాయణం నిజంగా మొదలయ్యేది డిసెంబర్ 21, 22 ప్రాంతంలోనే కాబట్టి సంక్రాంతిని అక్కడికే మార్చాలన్న వాదానికి గణితపరంగా బలం ఉంది. కానీ అధికమాసాలను తేల్చేది సంక్రమణాలే కనుక పన్నెండు సంక్రమణాలనూ ఇరవై నాలుగు రోజులు వెనక్కి జరిపితే చాంద్రమాసాల పేర్లన్నీ చెదిరిపోతాయి, ఉగాది చాలా ఏళ్ళలో ఒక నెల ముందే వస్తుంది. ఒక్క పండుగను సరిదిద్దబోయి మిగిలినవాటిని కదిలించడం నాకు సమ్మతం కాదు.

రెండో మార్గాన్ని ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం చూపింది. పండుగల కోసం అయనాంశను, అంటే సాయన, నిరయన రాశుల మధ్య ఏటా పెరిగే కోణాన్ని, 23 డిగ్రీల 15 నిమిషాల దగ్గర ఆపేయాలని, నక్షత్రాల లెక్కను మాత్రం యథాతథంగా ఉంచాలని ఆ సంఘం సూచించింది. అలా చేస్తే సంక్రాంతి దాదాపు ఇప్పుడున్న రోజుల్లోనే ఎప్పటికీ ఉంటుంది, అధికమాసాలూ రుతువులతో కలిసే నడుస్తాయి. 1957 మార్చి 22న రాష్ట్రీయ పంచాంగం అమల్లోకి వచ్చినా, పంచాంగకర్తలు మాత్రం ఈ సూచనను స్వీకరించలేదు. దీనికి ఒక నష్టం లేకపోలేదు: వేల ఏళ్ళు గడిచాక మకరరాశి ఒకచోట, మకర సంక్రాంతి మరొకచోట ఉంటాయి, పున్నమి నాటి చిత్తా నక్షత్రానికీ చైత్రమాసానికీ ఉన్న సంబంధం కూడా సడలుతుంది. నిరయనాన్ని ఇలాగే కొనసాగిస్తే రెండు వేల ఏళ్ళలో సంక్రాంతి ఫిబ్రవరి రెండో వారానికి చేరుతుంది. ధాన్యం ఇంటికి చేరిన వేళ జరుపుకునే పండుగ కనుక, నక్షత్రంతో పొత్తు కన్నా రుతువుతో పొత్తే దానికి ముఖ్యమని నేను నమ్ముతాను. ఈ మూడింటిలో సాహా సంఘం సూచించిన మార్గాన్నే ఎంచుకుంటాను.