రెండు లక్షల అప్పుకి చెక్కా, ప్రోనోటా?

ప్రోనోటు అంటే ఇస్తానని అప్పు తీసుకున్నవాడు రాసిచ్చే మాట. చెక్కు అంటే ఇవ్వమని తన బ్యాంకుకి రాసే ఆదేశం. వ్యాపారంలో సరుకు అమ్మినవాడు కొన్నవాడి మీద రాసే హుండీ కూడా ఆదేశమే, కాకపోతే కొన్నవాడు దాన్ని అంగీకరించి సంతకం పెడితేనే అతన్ని కట్టిపడేస్తుంది. మూడూ 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కిందికే వస్తాయి.

తేడా తెలిసేది డబ్బు రానప్పుడు. ప్రోనోటుకి సరైన స్టాంపు లేకపోతే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. అడిగినప్పుడు చెల్లించాలని రాసిన నోటైతే దాని తేదీ నుంచి మూడేళ్లలోపు సివిల్ దావా వేయాలి, అంతే.

చెక్కుకి స్టాంపు అక్కర్లేదు. మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. ఖాతాలో సొమ్ము చాలక తిరిగొస్తే అది డిజానర్, జనం మాటల్లో బౌన్స్. అప్పుడు అదే చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసుకి దారి ఉంది, కానీ గడువుల టెన్షన్ కూడా అక్కడే. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే రిటర్న్ మెమో జూన్ 10న అందిందనుకోండి, డబ్బు కట్టమని చెక్కు ఇచ్చినవాడికి జూలై 10 లోపు నోటీసు పంపాలి. అతనికి జూలై 15న అందితే, జూలై 30 దాకా కట్టే అవకాశం ఉంటుంది. కట్టకపోతే ఆ తర్వాత ఒక నెలలోపు ఫిర్యాదు వేయాలి. తొందరపడి ముందే వేసిన ఫిర్యాదు నిలవదు.

బౌన్స్ అయినంత మాత్రాన నేరం కాదు. నోటీసు అందాక కూడా కట్టకపోతేనే నేరం. పైగా చెక్కు నిజమైన బాకీకి ఇచ్చినదై ఉండాలి. అందుకే నేనైతే రెండూ తీసుకోమంటాను: బాకీ ఉందనడానికి ప్రోనోటు, వసూలుకి చెక్కు.